బరువులెత్తేవాళ్ళకు బీపీ వస్తే

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1985లో బయటికి వచ్చాయి. ఐదుగురు బాడీబిల్డర్ల చేతి రక్తనాళంలోకి నేరుగా సన్నటి గొట్టం పెట్టి, వాళ్ళు బరువులెత్తుతున్నప్పుడు బీపీ ఎంతకు పోతుందో చూశారు. రెండు కాళ్ళతో లెగ్‌ప్రెస్ చేసేటప్పుడు వచ్చిన సగటు 320/250. ఒకాయనకైతే 480/350 కూడా దాటింది. క్లినిక్‌లో 180 కనిపిస్తేనే అందరం కంగారుపడతాం. అలాంటిది వీళ్ళు సెట్ పూర్తిచేసి లేచి కూర్చున్నారు. కొన్ని సెకన్లలోనే బీపీ మామూలుకు దిగిపోయింది.

ఇంత పైకి ఎందుకు పోతుందంటే కారణాలు రెండు. తొడ కండరాలు గట్టిగా బిగుసుకున్నప్పుడు వాటి లోపలి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. గుండె మాత్రం రక్తాన్ని తోస్తూనే ఉంటుంది. మోటారు నడుస్తుండగా పైపును కాలితో తొక్కిపట్టినట్టు అన్నమాట. రెండోది ఊపిరి బిగబట్టడం. బరువు లేపేటప్పుడు గొంతు మూసి, పొట్ట బిగించి, లోపలి గాలితో నడుముకు ఆసరా ఇస్తాం. ఛాతీలో పెరిగిన ఆ ఒత్తిడంతా రక్తనాళాలకూ చేరుతుంది.

ఆరోగ్యంగా ఉన్న రక్తనాళం ఈ కొద్ది సెకన్ల దెబ్బను కాచుకుంటుంది. కూర్చున్నప్పుడు కూడా బీపీ ఎక్కువగానే ఉండే మనిషి సంగతి వేరు. ఆయన రక్తనాళం రోజంతా సాగి సాగి బిరుసెక్కి ఉంటుంది. గుండె గోడ మందమై ఉంటుంది. అలాంటి శరీరం మీద వారానికి నాలుగు రోజులు మూడు వందల ఒత్తిడి పడుతుంది. అందుకే జిమ్‌లో నిజంగా బరువులెత్తేవాళ్ళ బీపీని ప్రత్యేకంగా చూడాలి. ఇక్కడ రెండు రకాల తప్పులూ జరుగుతున్నాయి. ఒకరు “ఇంత ఫిట్‌గా ఉన్నవాడికి బీపీ ఏంటి, మెషీన్ తప్పు” అని కొట్టిపారేస్తారు. ఇంకొకరు “రేపటినుంచి జిమ్ మానెయ్” అని, చేతికొచ్చిన మాత్ర రాసి పంపేస్తారు. మొదటి మాటతో జబ్బు ముదురుతుంది. రెండో మాటతో ఆ మనిషి మాత్ర మానేసి మళ్ళీ జిమ్‌కే పోతాడు.

వ్యవహారం ఎలా నడవాలో చూడటానికి ఒక మనిషిని ముందు పెట్టుకుందాం. ఊహించిన మనిషే, కానీ ఏ ఊరి జిమ్‌కు వెళ్ళినా ఇలాంటివాళ్ళు కనబడతారు. గుంటూరులో ఉంటాడు, వయసు 41, బ్యాంకు ఉద్యోగం. పదేళ్ళుగా పవర్‌లిఫ్టింగ్ చేస్తున్నాడు. స్క్వాట్‌లో ఆయన గరిష్ఠం 200 కిలోలు. నలభై దాటడంతో మాస్టర్స్ విభాగంలో రాష్ట్ర పోటీలకు పేరిచ్చాడు. ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. నర్సు బీపీ చూసి, “సార్, 168/104 ఉంది, మీ రక్తం తీసుకోలేం. డాక్టర్‌కి చూపించుకోండి” అంది. ఆయనకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. అంతకు రెండు రోజుల ముందే 180 కిలోలు లేపాడు.

కఫ్ సంగతి ముందు తేలాలి

ఆయన చెయ్యి చుట్టుకొలత 39 సెంటీమీటర్లు. మామూలు కఫ్ దాదాపు 32 సెంటీమీటర్ల వరకే సరిపోతుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే లోపలి రక్తనాళాన్ని మూయడానికి ఎక్కువ గాలి పట్టాలి, అంకె ఎక్కువ చూపిస్తుంది. అమెరికాలో 2023లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని కొలిచి చూపింది. పెద్ద కఫ్ కావలసినవాళ్ళకు మామూలు కఫ్ కడితే పై అంకె సగటున 5 దాకా ఎక్కువ వచ్చింది. ఇంకా పెద్ద కఫ్ కావలసినవాళ్ళకైతే దాదాపు 20 ఎక్కువ. అంటే బీపీ లేనివాళ్ళకు కూడా బీపీ ముద్ర పడొచ్చు.

కాబట్టి “మెషీన్ తప్పు” అనే వాదనలో కొంత నిజం ఉంది. కానీ దాన్ని తేల్చుకోవాలి తప్ప దాని వెనక దాక్కోకూడదు. దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ నడుమ చుట్టుకొలత తీసుకుని, దానికి తగ్గ కఫ్ ఉన్న మెషీన్ కొనుక్కోవాలి. కొలత ఎంతవరకు పనికొస్తుందో కఫ్ మీదే అచ్చువేసి ఉంటుంది. మణికట్టుకు కట్టే మెషీన్లు ఈ పనికి వద్దు.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే. టీ, కాఫీ తాగి అరగంట గడవాలి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రాసుకోవాలి. ఉదయం, సాయంత్రం, ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావి సగటు తీయాలి. ఆ సగటు 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే బీపీ ఉన్నట్టే. క్లినిక్‌లో అయితే ఆ గీత 140/90.

జిమ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక సంగతి అదనం. వ్యాయామం అయ్యాక కొన్ని గంటలపాటు బీపీ మామూలుకంటే తక్కువ ఉంటుంది. జిమ్ నుంచి వచ్చి స్నానం చేసి కొలుచుకుని “చూశారా, 128 ఉంది” అనడం తనను తాను మోసం చేసుకోవడమే. వ్యాయామానికి ముందు కొలవాలి.

మన గుంటూరు లిఫ్టర్ పెద్ద కఫ్‌తో డాక్టర్ దగ్గర చూపించుకుంటే 162/102 వచ్చింది. ఇంట్లో వారం సగటు 154/98. కఫ్ తప్పు ఆరేడు పాయింట్లే, మిగతాది నిజం.

క్లినిక్‌లో 160/100 దాటి ఉందంటే బరువులు ఆపాలి. యూరప్, అమెరికా గుండె వైద్యుల సంఘాలు క్రీడాకారులకు చెప్పింది ఇదే: పై అంకె 160 దాటి ఉన్నంతకాలం వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ, బాక్సింగ్ లాంటి బిగపట్టే ఆటలూ, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి చేసే వ్యాయామమూ వద్దు. అదుపులోకి వచ్చాక మళ్ళీ చేయొచ్చు. ఇది నిషేధం కాదు, విరామం. ఈ విరామంలో వేగంగా నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగంలో 30, 40 నిమిషాలు. ఆ నడక బీపీని తగ్గిస్తుంది కూడా.

జిమ్ బ్యాగ్ తెరిచి చూడాలి

మాత్ర రాసేముందు డాక్టర్ అడగవలసినదీ, మనిషి దాచకుండా చెప్పవలసినదీ ఒకటుంది. ఒంట్లోకి ఏమేం పోతున్నాయి?

మన లిఫ్టర్ బ్యాగ్‌లో ప్రీ-వర్కవుట్ డబ్బా ఉంది. ఒక స్కూపులో 300 మిల్లీగ్రాముల కెఫీన్ అని దానిమీదే రాసి ఉంది. మూడు, నాలుగు కప్పుల కాఫీకి సమానం. డబ్బా పక్కనే మోకాలి నొప్పికి ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్. స్క్వాట్ ఉన్న రోజుల్లో ఒకటి వేసుకుంటాడు, వారానికి నాలుగు అవుతాయి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీ చేత ఉప్పును, నీటిని ఆపేయిస్తాయి. బీపీ పెరుగుతుంది, బీపీ మాత్ర పనితనం తగ్గుతుంది. ఈ సంగతి తెలియక, బీపీ మాత్ర డోసు పెంచుకుంటూ పోయేవాళ్ళున్నారు. ముక్కు దిబ్బడకు వేసుకునే జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ కూడా బీపీని పెంచేవే. అతిమధురం చాలా రోజులు తింటే ఒంట్లో పొటాషియం పడిపోయి బీపీ ఎక్కుతుంది. ఆయుర్వేద చూర్ణమైనా సరే, డాక్టర్‌కు చెప్పాలి.

ఇక స్టెరాయిడ్లు. కొన్ని జిమ్‌లలో ఇంజెక్షన్లు చేతులు మారుతున్నాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్ లాంటివి బీపీని పెంచుతాయి, గుండె గోడను మందం చేస్తాయి, మంచి కొలెస్ట్రాల్‌ను పడగొడతాయి, రక్తాన్ని చిక్కబరుస్తాయి. వాడుతున్నవాళ్ళు ఇంట్లో చెప్పకపోయినా డాక్టర్‌కు చెప్పి తీరాలి. చెప్పకపోతే డాక్టర్ లేని జబ్బు కోసం వెతుకుతాడు, ఉన్న కారణం ఉన్నచోటే ఉంటుంది. డాక్టర్లకూ ఒక మనవి: ముఖం చిట్లించకుండా, భార్యాపిల్లల్ని కాసేపు బయట కూర్చోమని అడగండి.

మన మనిషి స్టెరాయిడ్లు వాడలేదు. గురక మాత్రం ఉంది. మెడ లావు, రాత్రి ఊపిరి ఆగి ఆగి వస్తుందని భార్య చెప్పింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు మొండి బీపీకి పెద్ద కారణం. మెడ బలిసిన లిఫ్టర్లలో దీన్ని మర్చిపోకూడదు. స్లీప్ స్టడీకి పంపారు.

రక్తపరీక్షల్లో ఒక చిక్కు ఉంది. ఆయన రోజూ క్రియాటిన్ పొడి తాగుతాడు, కండ కూడా ఎక్కువ. ఈ రెంటివల్ల రక్తంలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ కనిపిస్తుంది, కిడ్నీ బాగానే ఉన్నా సరే. 1.4 చూసి “కిడ్నీ దెబ్బతింది” అని హడలిపోవడం తప్పు, “పొడి వల్లే” అని వదిలేయడమూ తప్పు. పొడి ఆపి కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూడొచ్చు. కండతో సంబంధం లేని సిస్టాటిన్-సి అనే పరీక్ష చేయించొచ్చు. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూడాలి. ఈసీజీ, ఎకో కూడా తీశారు. కష్టపడి సాధన చేసేవాళ్ళ ఈసీజీలో గీతలు ఎత్తుగా ఉండటం మామూలే కాబట్టి దాన్ని ఒక్కదాన్నే చూసి గుండె వాచిందనకూడదు. ఎకోలో గుండె గోడతోపాటు బృహద్ధమని వెడల్పు కూడా కొలిపించుకోవాలి. అది బాగా సాగి ఉన్నవాళ్ళకు పెద్ద బరువులు ప్రమాదం. అది చీలితే బతకడం కష్టం.

ఇదే బీపీ 22 ఏళ్ళ కుర్రాడికి వచ్చి ఉంటే వెతకడం ఇంకా లోతుగా సాగాలి. కిడ్నీ రక్తనాళం సన్నబడటం, అడ్రినల్ గ్రంథి హార్మోన్ ఎక్కువ కావడం, పుట్టుకతోనే బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోయి ఉండటం చూడాలి. ఈ చివరిదాన్ని పట్టుకోవడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. చేతి నాడి గట్టిగా, గజ్జలో నాడి బలహీనంగా ఆలస్యంగా కొట్టుకుంటుంటే అనుమానించాలి. కుర్రాళ్ళ గజ్జలో నాడి పట్టి చూసే డాక్టర్లు తగ్గిపోతున్నారని నా బాధ.

ప్రీ-వర్కవుట్, నొప్పి మాత్రలు ఆపి, ఊరగాయలు, ప్యాకెట్ చిరుతిళ్ళు తగ్గించి, రోజూ నడిచి మూడు వారాలు చూశారు. ఇంటి సగటు 154/98 నుంచి 146/94కు దిగింది. మంచి మార్పే, కానీ చాలదు. మాత్ర కావాలి.

ఏ మాత్ర?

బీపీకి సాధారణంగా వాడేవి నాలుగు కుటుంబాలు. ఇంట్లో కూర్చునే పెద్దాయనకు నాలుగూ దాదాపు సమానమే అనిపించవచ్చు. ఆటగాడి విషయంలో అలా కాదు. ఒక్కో మాత్ర వ్యాయామం చేసే శరీరాన్ని ఒక్కో చోట పట్టుకుంటుంది.

మొదట బీటా బ్లాకర్లు. అటెనోలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ ఈ కుటుంబానివి. ఇవి గుండె వేగానికి పగ్గం వేస్తాయి. పరుగులో 170 కొట్టుకోవలసిన గుండె 140 దగ్గరే ఆగిపోతే కండరానికి చేరే రక్తం తగ్గుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి. “డాక్టర్ గారూ, ఒంట్లో ఓపిక పోయింది, జిమ్‌లో సగంలోనే పడిపోతున్నా” అని వచ్చే మనిషి చీటీలో చాలాసార్లు ఉండేది ఇదే. నెబివొలాల్‌తో ఈ బాధ కొంత తక్కువ. చేతి గడియారంలో కనిపించే హార్ట్‌రేట్ జోన్లు కూడా ఈ మాత్ర మీద ఉన్నవాళ్ళకు పనికిరావు. గుండెపోటు వచ్చినవాళ్ళకూ, గుండె లయ తప్పేవాళ్ళకూ ఇవి అవసరమైన మందులే. వాళ్ళు ఈ వ్యాసం చదివి మానేయకూడదు. అకస్మాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగసిపడతాయి. కానీ వట్టి బీపీ మాత్రమే ఉన్న క్రీడాకారుడికి ఇది మొదటి ఎంపిక కాదు.

గురిపెట్టే ఆటల్లో ఇంకో సమస్య ఉంది. గుండె నెమ్మదిస్తే చెయ్యి వణకదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్-సు రజతం, కాంస్యం గెలిచాడు. పరీక్షలో ప్రొప్రనలాల్ దొరికింది, రెండు పతకాలూ పోయాయి. షూటింగ్‌లో, విలువిద్యలో ఈ మందులు పోటీ రోజునే కాదు, ఎప్పుడూ వాడకూడదు. బిలియర్డ్స్, డార్ట్స్, గోల్ఫ్ లాంటి కొన్ని ఆటల్లో పోటీ సమయంలో నిషేధం.

రెండో కుటుంబం నీటి మాత్రలు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండాపమైడ్. మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపుతాయి. మంచి మందులే, చవక కూడా. అయితే మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న జిమ్‌లో లీటర్లకొద్దీ చెమట కార్చేవాడికి ఇవి ఇంకో చిల్లు పెట్టినట్టే. పొటాషియం పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. పైగా ఇవి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధ జాబితాలో ఉన్నాయి. అన్ని ఆటల్లో, అన్ని కాలాల్లో. మూత్రాన్ని పలచబరిచి వేరే మందుల జాడను కప్పేస్తాయనీ, బరువు విభాగం కోసం ఒక్క రాత్రిలో కిలోలు దింపడానికి వాడతారనీ ఈ నిషేధం. షేన్ వార్న్ 2003 ప్రపంచకప్ మొదలవుతుండగా ఇంటిదారి పట్టింది ఇలాంటి మాత్ర వల్లే. అందులో ఉన్నవి హైడ్రోక్లోరోథయజైడ్, అమిలోరైడ్. లావు కనిపించకూడదని అమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నానన్నాడు. ఏడాది నిషేధం పడింది.

మన దేశంలో ఈ చిక్కు ఎక్కడ పొంచి ఉందంటే, మాత్ర పేరు చివర ఉండే అక్షరాల్లో. మనదగ్గర రెండు, మూడు మందులు కలిపిన బీపీ మాత్రలే ఎక్కువగా రాస్తారు. టెల్మిసార్టాన్ పేరుకు చివర హెచ్ ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినట్టు. సీటీ లేదా సీహెచ్ ఉంటే క్లోర్‌థాలిడోన్. ఏఎమ్ ఉంటే ఆమ్లోడిపిన్. ఆమ్లోడిపిన్ పేరు చివర ఏటీ ఉంటే అటెనోలాల్. కంపెనీని బట్టి ఇవి మారతాయి కాబట్టి అక్షరాన్ని నమ్మి ఊరుకోకుండా, స్ట్రిప్ వెనక చిన్న అచ్చులో ఉన్న మందుల పేర్లు చదవాలి. మందుల షాపులో “అది లేదు సార్, ఇదీ అదే” అని చేతిలో పెట్టే స్ట్రిప్‌ను కూడా అలాగే చదవాలి. డోపింగ్ అధికారి ముందు “షాపువాడు ఇచ్చాడు” అంటే చెల్లదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. నీటి మాత్ర తప్పనిసరి అయినవాళ్ళు మన దేశపు సంస్థ నాడా ద్వారా వైద్య మినహాయింపు ముందుగా అడగాలి. నిషేధ జాబితా ఏటా జనవరి 1న కొత్తగా అమల్లోకి వస్తుంది, నిరుడు చూసుకున్నాం కదా అని ఊరుకోకూడదు.

మిగిలిన రెండు కుటుంబాలే చాలామంది క్రీడాకారులకు నప్పేవి. ఒకటి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్ లాంటివి, వీటికి దగ్గర చుట్టాలైన రామిప్రిల్, ఎనలాప్రిల్. రక్తనాళాన్ని బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పనిని ఇవి అడ్డుకుంటాయి. గుండె వేగం తగ్గదు, పరుగెత్తే సత్తువ తగ్గదు, నిషేధమూ లేదు. రామిప్రిల్ వర్గంతో కొందరికి పొడి దగ్గు వస్తుంది, అందుకే మనవాళ్ళు టెల్మిసార్టాన్ వైపు మొగ్గుతారు. ఇంకో కుటుంబం ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్. రక్తనాళాల గోడను వదులు చేస్తాయి. ఇవీ ఆటకు అడ్డురావు. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాచడం ఉంది. సాయంత్రానికి బూట్లు బిగుతైతే దాన్ని వ్యాయామం వల్ల అనుకుంటారు. నీటి మాత్రతో ఆ వాపు పెద్దగా తగ్గదు, డోసు తగ్గించడమో, టెల్మిసార్టాన్ వర్గాన్ని జతచేయడమో చేయాలి.

టెల్మిసార్టాన్ వర్గానికీ, రామిప్రిల్ వర్గానికీ గట్టి షరతులు రెండున్నాయి. గర్భిణులు వాడకూడదు, బిడ్డకు హాని. జిమ్‌కు వచ్చే అమ్మాయిలకు ఈ మాత్ర రాసేముందు ఆ మాట అడగడం తప్పనిసరి. రెండోది కిడ్నీ. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తప్రవాహాన్ని కాపాడుకునే దారుల్లో ఒకదాన్ని ఈ మాత్ర మూస్తుంది, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర ఇంకోదాన్ని మూస్తుంది. చెమట, నొప్పి మాత్ర, ఈ బీపీ మాత్ర మూడూ ఒకేరోజు కలిస్తే బాగున్న కిడ్నీ కూడా దెబ్బతింటుంది. నీటి మాత్ర కూడా తోడైతే మరీ ప్రమాదం.

పోటీకి ముందు బరువు విభాగంలో ఇరుక్కోవడానికి ఒకటి, రెండు రోజులు నీళ్ళు మానేసి, ఆవిరి పట్టే అలవాటు పవర్‌లిఫ్టర్లలో, కుస్తీ, బాక్సింగ్‌వాళ్ళలో ఉంది. టెల్మిసార్టాన్ మీద ఉన్నవాళ్ళు ఆ పని చేయకూడదు. పై విభాగంలో పోటీపడటమే దారి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో కూడా మాత్ర వేసుకోవాలా, తగ్గేదాకా ఆపాలా అన్నది డాక్టర్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి.

మళ్ళీ బార్ కిందికి

మన లిఫ్టర్‌కు డాక్టర్ టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి రాశారు. రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూశారు, మార్పు లేదు. నాలుగు వారాలకు ఇంటి సగటు 137/88. మాత్ర డోసు రెట్టింపు చేయడంకంటే రెండో కుటుంబం నుంచి కొంచెం కలిపితే తగ్గుదల ఎక్కువ, ఇబ్బంది తక్కువ. ఆమ్లోడిపిన్ 5 చేర్చారు. అది పూర్తిగా పని చూపడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఇంకో నెలకు 126/80.

మాత్ర ఉదయం వేసుకోవాలా, రాత్రా అని ఆయన అడిగాడు. బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా మీద జరిగిన, 2022లో వచ్చిన అధ్యయనంలో గుండెపోట్లలో, పక్షవాతాల్లో రెంటికీ తేడా కనిపించలేదు. తెల్లవారుజామున ఐదింటికే జిమ్‌కు వెళ్ళే మనిషికి రాత్రి భోజనం తర్వాత వేసుకోవడం తేలిక. రోజూ మర్చిపోకుండా ఉండే వేళే మంచి వేళ.

బరువుల్లోకి తిరిగి రావడం మెట్లుగా జరిగింది. ఈ మెట్లు ఏ పుస్తకంలోనూ అచ్చుగా ఇలాగే ఉండవు, డాక్టర్, కోచ్, ఆయన కూర్చుని వేసుకున్నవి. ఇంటి సగటు 135/85 కిందికి వచ్చాకే బార్ ముట్టుకున్నాడు. మొదటి రెండు వారాలు 80, 90 కిలోలతో పన్నెండు, పదిహేను చొప్పున. కండరం పూర్తిగా అలిసిపోయేదాకా కాకుండా ఇంకో మూడు, నాలుగు చేయగలిగే ఓపిక ఉండగానే సెట్ ఆపాడు. ఎందుకంటే ఆ చివరి ఒకటి, రెండు లేపుళ్ళలోనే బీపీ శిఖరానికి పోతుంది. 80 కిలోలే కదా అని పదిహేనుకు బదులు పాతిక లాగితే 150 కిలోలు లేపినంత ఒత్తిడి పడొచ్చు. కోచ్ ఈ మాటే పదేపదే చెప్పాడు: “అన్నా, బరువు చూసి కాదు, ముఖం చూసి సెట్ ఆపిస్తా.”

ఊపిరి విషయంలో లేచేటప్పుడు వదలడం, దిగేటప్పుడు పీల్చడం. సెట్‌కూ సెట్‌కూ మధ్య మూడు నిమిషాలు. తర్వాత నెలలో 120 నుంచి 140 కిలోలు. ప్రతి మెట్టు ఎక్కేముందు వారం బీపీ సగటు చూసుకోవడం షరతు. మూడో నెలలో 160 దాటాడు.

160 పైన ఇక ఊపిరి వదులుతూ లేపడం కుదరదు. గరిష్ఠ బరువులో ఎనభై శాతం దాటితే ఎవరైనా ఊపిరి బిగబడతారు, బిగబట్టకపోతే నడుము పోతుంది. “ఎప్పుడూ ఊపిరి బిగబట్టొద్దు” అని లిఫ్టర్‌కు చెప్పడం పని జరగని సలహా. ఆయనకు కోచ్ నేర్పింది వేరు. ఒక్కో లేపుకూ వేరుగా గాలి తీసుకుని, అడుగునుంచి పైకి వచ్చే కష్టమైన భాగం దాటగానే వదిలేయడం. ఒకే గాలితో మూడు లేపవద్దు. బరువు కదలకుండా నిలిచిపోతే ఐదు సెకన్లు పోరాడకుండా స్పాటర్లకు అప్పగించడం. బిగించడం రెండు, మూడు సెకన్లు దాటకూడదన్నదే దీని సారం.

ఆమ్లోడిపిన్ లాంటి మాత్రల మీద ఉన్నవాళ్ళు చివరి సెట్ అయిపోగానే బెంచీ మీద కూలబడకూడదు. కాళ్ళలో తెరుచుకున్న రక్తనాళాల్లోనే రక్తం నిలిచి, బీపీ ఒక్కసారిగా పడిపోయి సొమ్మసిల్లుతారు. ఐదు, పది నిమిషాలు అటూ ఇటూ నడిచి కూర్చోవాలి. ఇలా తల తిరగడం డాక్టర్‌కు చెప్పి మాత్ర సర్దుకుంటే పోయే సమస్య. లేపుతున్నప్పుడు తల పగిలిపోయేంత నొప్పి ఒక్కసారిగా రావడం, ఛాతీలో గానీ వీపులో గానీ చీలినట్టు నొప్పి, వ్యాయామం మధ్యలో స్పృహ తప్పడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం వేరు. అప్పుడు 108కి ఫోన్ చేయాలి. కాసేపు పడుకుంటే తగ్గుతుందని చూడకూడదు.

స్లీప్ స్టడీలో ఆయనకు ఊపిరి ఆగే జబ్బు మధ్యస్థంగా ఉందని తేలింది. రాత్రి సీప్యాప్ మెషీన్ పెట్టుకుంటున్నాడు, మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. దాంతో బీపీ ఇంకా దిగి, ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి ఉదయం లేవగానే 108, 110 రావడం మొదలైంది. లేచి నిలబడితే కళ్ళముందు చీకటి. వేసవిలో రక్తనాళాలు విచ్చుకుని, చెమట పోయి బీపీ సహజంగానే కొంత పడుతుంది. ఆయన అంకెలు రాసుకున్న పుస్తకం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. “రెండు మాత్రలూ మానేయమంటారా?” అని అడిగాడు. డాక్టర్ ఆమ్లోడిపిన్‌ను 2.5కు తగ్గించి, టెల్మిసార్టాన్ అలాగే ఉంచారు. రెండు వారాలు రోజూ కొలిచి చూపించమన్నారు. డిసెంబరులో చలి మొదలయ్యాక మళ్ళీ పెంచవలసి రావచ్చని కూడా చెప్పారు.

మోకాలి నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. దానికిప్పుడు ఎసిక్లోఫెనాక్ బదులు ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల వ్యాయామాలు, మరీ నొప్పిగా ఉన్న రోజున పూత మందు. డిసెంబరు పోటీకి ఒక విభాగం పైకి జరిగి పేరిచ్చాడు. వేసుకునే మాత్రలు రెంటి పేర్లూ, డోసూ కాగితం మీద రాసి కోచ్‌కు ఇచ్చాడు, డోపింగ్ పరీక్షకు పిలిస్తే ఫారంలో రాయడానికి.